టిబియా ఎముక గాయంలో ఏడు వారాల పూల్ రన్నింగ్, సైక్లింగ్: ఒక కేస్ స్టడీ

పరుగు ఆగిపోయిన రన్నర్‌ను పూల్ రన్నింగ్‌కో, అంటే కొలనులో లోతు నీటిలో పరుగు కదలికలు చేయడానికో, సైకిల్‌కో పంపడం ఇప్పుడు మామూలే. కానీ చాలామంది అక్కడ చేసేది నీటిలో అరగంట కాళ్లాడించడం, సైకిల్ మీద ఫోన్ చూస్తూ గంట తొక్కడం. ఏడు వారాల తర్వాత ఫిట్‌నెస్ పోయిందని బాధపడతారు. దీనికి వ్యతిరేకంగా, సరిగ్గా చేసినవాళ్లలో కొందరు గుండె, ఊపిరితిత్తులు సిద్ధంగా ఉన్నాయి కదా అని ఎముక సిద్ధం కాకముందే పరుగెత్తి మళ్లీ మొదటికి వస్తారు. ఈ రెండు ఇబ్బందులూ ఎక్కడ మొదలవుతాయో ఒక కేసు ద్వారా చూపించడమే ఈ రాత ఉద్దేశం. ఇక్కడి రన్నర్ ఒకే వ్యక్తి కాదు. టిబియాకు, అంటే మోకాలి కింది పెద్ద ఎముకకు, పరుగు ఒత్తిడితో గాయమై వచ్చేవాళ్లలో తరచూ కనిపించే వివరాలను కలిపి కూర్చిన కేసు ఇది.

కేసు వివరం

వయసు 34, మహిళ, ఆరేళ్లుగా పరుగెత్తుతున్నారు. హాఫ్ మారథాన్ 1 గంట 46 నిమిషాలు. వారానికి 5 రోజులు, 40 కిలోమీటర్లు అలవాటు. రేసు కోసం ఐదు వారాల్లో దాన్ని 58కి పెంచారు, అదే సమయంలో ఎత్తు పల్లాల దారి మీద వారానికో సెషన్ కూడా కలిపారు. మొదట కుడి కాలి లోపలి వైపు, చీలమండకు జానెడు పైన, పరుగు మొదట్లో సలుపు ఉండి వేడెక్కాక తగ్గేది. మూడో వారానికి పరుగు ముగిసేవరకూ నిలిచి, ఐదో వారానికి మెట్లు దిగేటప్పుడు, రాత్రి పడుకున్నాక కూడా నొప్పి తెలిసింది.

బొటనవేలితో ఎముక అంచు వెంబడి నొక్కుతూ వెళ్తే ఒకచోట సుమారు 3 సెంటీమీటర్ల మేర గట్టిగా నొప్పి. ఈ గుర్తు ముఖ్యం. పరుగు వల్ల మోకాలి కింది ఎముక అంచున వచ్చే మామూలు షిన్ స్ప్లింట్స్‌లో నొప్పి ఎముక అంచు పొడవునా పరుచుకుని ఉంటుంది. చిన్న చోటికి కుదించుకుపోయి, రాత్రి కూడా సలుపుతుంటే ఎముక మీదే అనుమానం పెట్టుకోవాలి. ఎక్స్‌రేలో ఏమీ కనిపించలేదు. తొలి వారాల్లో అది సహజం, అందుకే ఎక్స్‌రే బాగుందని పరుగు కొనసాగించడం పొరపాటు. ఎంఆర్‌ఐలో ఎముక పై పొరలోనూ, లోపలి మజ్జలోనూ వాపు కనిపించింది, చీలిక గీత లేదు. నాలుగు మెట్ల గ్రేడింగ్‌లో ఇది రెండో గ్రేడ్. టిబియా వెనుక, లోపలి అంచున వచ్చే ఈ గాయం తక్కువ ప్రమాదం ఉన్న కోవలోకి వస్తుంది. అదే ఎముక ముందు అంచున వచ్చి ఉంటే కథ వేరే. అక్కడ ఎముక సాగుతూ లాగుడు పడుతుంది కాబట్టి మానడం చాలా నెమ్మది, ఆ కేసును ఈ ప్లాన్‌తో నడపకూడదు.

ఇంకో విషయం అడిగితేనే బయటికొచ్చింది: రెండు నెలలుగా నెలసరి రాలేదు. శిక్షణ పెంచినప్పుడు తిండి పెరగలేదు. దీని సంగతి కింద మళ్లీ వస్తుంది.

ఏం పోతుంది, ఏం నిలబెట్టగలం

పరుగు పూర్తిగా మానేస్తే ముందుగా తగ్గేది రక్తంలోని ప్లాస్మా పరిమాణం. అది తగ్గితే గుండె ఒక్కో కొట్టుకు పంపే రక్తం తగ్గుతుంది, అదే పని చేయడానికి హార్ట్ రేట్ పెరుగుతుంది. బాగా శిక్షణ ఉన్నవాళ్లలో రెండు మూడు వారాల్లోనే గరిష్ఠ ఆక్సిజన్ వినియోగం సుమారు 7 శాతం పడిపోతుంది. తర్వాత కండరాల్లో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియా ఎంజైముల వంతు. మొదటిది త్వరగా పోతుంది కానీ త్వరగా తిరిగొస్తుంది. దాన్ని నిలబెట్టడానికి కావలసింది పెద్ద కండరాలు కొన్ని నిమిషాల పాటు బాగా కష్టపడటం, గుండెను గట్టిగా పని చేయించడం. అది పరుగే కానక్కర్లేదు. శిక్షణ ఉన్న రన్నర్లు నాలుగు నుంచి ఆరు వారాలు నీటిలోనే పరుగెత్తి రేసు సామర్థ్యాన్ని దాదాపు నిలుపుకున్నారని పరిశోధనల్లో తేలింది. అయితే ఆ రన్నర్లు నీటిలో గట్టి ఇంటర్వెల్స్, అంటే మధ్యలో చిన్న విరామాలతో గట్టి ప్రయత్నాలు, చేశారు, ఊరికే తేలలేదు.

కొలనూ సైకిలూ నిలబెట్టలేనివి కూడా ఉన్నాయి. నేలను తాకే ప్రతి అడుగులో పిక్క కండరం, అందులోనూ లోపలున్న సోలియస్, శరీర బరువుకు ఎన్నో రెట్ల బలాన్ని మోస్తుంది. నీటిలో ఆ మోత లేదు. ఎముకకు తాకిడి అందదు, కండరాన్ని ఎముకకు కలిపే టెండన్‌కు స్ప్రింగులా సాగి ముడుచుకునే పని ఉండదు. నిలబెట్టగలిగేవాటికీ నిలబెట్టలేనివాటికీ ఉన్న ఈ తేడానే ఈ కేసు మొత్తాన్ని నడిపిస్తుంది.

నీటిలో మొదటి రోజులు

నిర్ధారణ అయిన ఐదో రోజున నీటిలోకి పంపాం. అప్పటికి నడకలో కొద్దిగా నొప్పి ఉంది, కుంటడం లేదు. కుంటుతూ ఉంటే కాలిని కదలకుండా పట్టే రక్షణ బూటు లేదా ఊతకర్రలు ముందు, కొలను తర్వాత. కొలను నియమాలు చిన్నవే గానీ గాయం తిరగబెట్టేది ఎక్కువగా ఇక్కడే. దూకకూడదు, నిచ్చెన దిగే నీటిలోకి రావాలి. గోడను గాయం కాలితో తన్నకూడదు. తడి నేల మీద ఒట్టి కాళ్లతో జారే నడక వద్దు, నీటి అంచు దాకా చెప్పులు ఉండాలి. పాదం కొలను అడుగుకు తగలనంత లోతుగా నీరు ఉండాలి, భుజాల దాకా మునగాలి. లోతు సరిపోక వేళ్లు నేలకు తగిలినా ఆ తాకిడి లెక్కలోకే వస్తుంది.

ఫోమ్ బెల్ట్ వెనుక భాగం నడుముకు ఆనుకుని, పక్కటెముకల కింద గట్టిగా బిగించాలి. వదులుగా ఉంటే నీటిలో పైకి జరిగి చంకల దగ్గరికి చేరుతుంది, మనిషి వెనక్కి వాలిపోతాడు, నడుము నొప్పి మొదలవుతుంది. బెల్ట్ లేకుండా చేస్తే కష్టం ఎక్కువ నిజమే. అయితే తేలడానికే చేతులు కాళ్లు తాపత్రయపడి పరుగు రూపం చెడుతుంది. మొదటి నెలంతా బెల్ట్‌తోనే చేయించాం. తర్వాత రిపీట్లలో, అంటే ఇంటర్వెల్స్‌లోని గట్టి ప్రయత్నాల్లో, ఒక నిమిషం లోపువి కొన్ని బెల్ట్ తీసి చేయించాం.

రూపం గురించి కొంచెం నిదానంగా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ అందరూ ఒకే తప్పు చేస్తారు. మోకాలు పైకి ఎత్తి నేరుగా కిందకి దించేస్తారు. అంటే నిలబడి సైకిల్ తొక్కినట్టు. అలా చేస్తే పనంతా తుంటి ముందు కండరాలదే, వెనుక కండరాలకు పనే లేదు. సరైన కదలికలో మోకాలు ముందుకు ఎత్తాక కాలు చాచుతూ కిందకి, ఆపైన శరీరానికి వెనక్కి నీటిని తోస్తూ పోవాలి. మడమ వెనక్కి కొద్దిగా దాటాలి, మళ్లీ మోకాలు వంచి ముందుకు తేవాలి. కాలు ముందుకొచ్చేటప్పుడు పాదం పైకి వంచి ఉండాలి, వెనక్కి తోసేటప్పుడు సహజంగా కిందకి ఒంగుతుంది. పాదాన్ని అస్తమానం కిందకి పొడిచి ఉంచితే పిక్క పట్టేస్తుంది. శరీరం నడుము దగ్గర కాకుండా మొత్తంగా కొద్దిగా ముందుకు వాలాలి. గడ్డం నీటి పైన, చూపు ఎదురుగా. చేతులు పరుగులోలాగే మోచేతుల దగ్గర వంచి, పిడికిలి వదులుగా. అరచేతులు చాపి నీటిని వెనక్కి తోస్తే అది ఈత అవుతుంది. నీటిలో ముందుకు దూసుకుపోవడం మంచి గుర్తనుకోకండి. గట్టిగా ప్రయత్నిస్తున్నా అంగుళం అంగుళంగా కదులుతుంటేనే కాళ్లు పనిచేస్తున్నట్టు.

ఒడ్డు నుంచి చూసే వ్యక్తి ఫోన్‌తో పక్క నుంచి 20 సెకన్లు వీడియో తీస్తే చాలు. తొడ వెనక్కి వెళ్తోందా లేదా అన్నది ఒక్క చూపులో తెలుస్తుంది.

కష్టాన్ని దేనితో కొలవాలి

నేల మీద టెంపో పరుగులో, అంటే కష్టమైనా కొంతసేపు నిలబెట్టగల వేగంలో, ఆమె హార్ట్ రేట్ 166. కొలనులో అదే శ్వాస, అదే మాటలు తడబడే స్థాయికి వచ్చినప్పుడు 152. గట్టి రిపీట్ చివర నేల మీద 178 ఉండేది, నీటిలో 160 దాటలేదు. బద్ధకం అనుకుంటే పొరపాటు. భుజాల దాకా ఉన్న నీటి ఒత్తిడి కాళ్లలోని రక్తాన్ని ఛాతీ వైపు నెడుతుంది. గుండె ఒక్కో కొట్టుకు ఎక్కువ రక్తం పంపుతుంది, అందుకే తక్కువ సార్లు కొట్టుకుంటే సరిపోతుంది. నీరు శరీరాన్ని చల్లబరచడం కూడా దీనికి తోడు. తేడా సుమారు 10 నుంచి 15, మనిషిని బట్టి ఎక్కువే కావచ్చు. నేల మీద నంబరు కోసం నీటిలో తాపత్రయపడితే తేలిక రోజులు కూడా గట్టి రోజులైపోతాయి.

పైగా మణికట్టు మీది వాచ్ నీటిలో తరచూ తప్పు చూపిస్తుంది. ఛాతీ పట్టీ నుంచి బ్లూటూత్ సిగ్నల్ నీటిలో సరిగా వెళ్లదు, డేటా తనలోనే దాచుకునే పట్టీ కావాలి. అవి లేకపోయినా ఇబ్బంది లేదు. రిపీట్ ముగియగానే మెడ దగ్గర 10 సెకన్లు నాడి లెక్కపెట్టి 6తో గుణిస్తే చాలు. అసలు కొలత రెండిట్లో ఉంది. ఒకటి, 10కి ఎంత కష్టం అనే మార్కు. రెండు, లయ. గోడ మీది గడియారం చూస్తూ 30 సెకన్లలో కుడి మోకాలు ఎన్నిసార్లు పైకొచ్చిందో లెక్కపెట్టి రెట్టింపు చేయాలి. ఆమె నేల మీద ఒక కాలికి నిమిషానికి 86. నీటిలో తేలికగా 60 నుంచి 65, టెంపోలో 70 నుంచి 75, గట్టి రిపీట్లలో 80 నుంచి 85. నీటి అడ్డు వల్ల నేల మీది లయ రాదు. వచ్చిందంటే అనుమానించాలి. సాధారణంగా కాలి ఊపు కుదించి, చిన్న చిన్న తన్నులతో వచ్చిన లయే అది. కాలు ఊగే వెడల్పు తగ్గకుండా పెరిగిన లయే లెక్కలోకి వస్తుంది.

నీటిలో విశ్రాంతి కూడా తక్కువ ఉండాలి. హార్ట్ రేట్ త్వరగా దిగిపోతుంది, కాళ్లకు దెబ్బ ఉండదు. నేల మీద రెండు నిమిషాలు జాగ్ చేసే చోట నీటిలో 45 సెకన్లు చాలు. నేల మీద ప్లాన్‌ను యథాతథంగా దింపేస్తే సెషన్ పలచబడిపోతుంది. ఇది తెలియక చాలా మంది పూల్ రన్నింగ్ సుళువు అనేస్తారు.

ఆమె గట్టి సెషన్ రెండో వారంలో ఇలా ఉంది: 10 నిమిషాలు తేలిక, తర్వాత 10 సార్లు 1 నిమిషం గట్టిగా, మధ్యలో 30 సెకన్లు. నాలుగో వారానికి 8 సార్లు 2 నిమిషాలు, మధ్యలో 45 సెకన్లు. ఆరో వారానికి 6 సార్లు 4 నిమిషాలు, మధ్యలో 1 నిమిషం. మార్కు 8, చివరి రెండు రిపీట్లలో 9. టెంపో సెషన్ 3 సార్లు 9 నిమిషాలు, మధ్యలో 90 సెకన్లు, మార్కు 6 నుంచి 7. రిపీట్లన్నిటా లయ ఒకేలా నిలబడితేనే సెషన్ కుదిరినట్టు. ఆఖరి రిపీట్లలో లయ 5కు మించి పడిపోతే ఆ రోజుకు ఒక రిపీట్ తగ్గించాం. నీటి వెచ్చదనం మీద కూడా ఓ కన్నుంచండి. 26 నుంచి 28 డిగ్రీల నీరు బాగుంటుంది. 32 డిగ్రీల పైన ఉండే చికిత్స కొలనుల్లో గట్టి ఇంటర్వెల్స్ చేస్తే శరీరం వేడెక్కి మార్కు పైకి పోతుంది, ఫిట్‌నెస్ తగ్గిందన్న తప్పుడు భయం వేస్తుంది.

మూడో వారంలో తుంటి పట్టేసింది

సైకిల్‌కు ఇంకా అనుమతి లేదు కాబట్టి రెండు, మూడో వారాల్లో ఐదేసి పూల్ సెషన్లు పడ్డాయి. మూడో వారం చివర రెండు తొడల ముందుభాగం, గజ్జల దగ్గర బిగుతు. మెట్లు ఎక్కేటప్పుడు తెలుస్తోంది. వీడియో చూస్తే అలసిపోయిన రిపీట్లలో పాత తప్పే వచ్చింది: మోకాలు ఎత్తడం, దించడం, వెనక్కి తోపుడు లేదు. నీటిలో కాలు పైకి లాగడమే పని, నేల మీద తొడ ముందు కండరానికి ఇంత పని ఉండదు. ఇంత హఠాత్తుగా ఐదు రోజులు చేస్తే అది పట్టేస్తుంది, మండుతుంది.

సవరింపు సరళం. పూల్ సెషన్లను వారానికి మూడుకు తగ్గించాం, మిగతా మూడు సైకిల్‌కు ఇచ్చాం. రిపీట్లలో ప్రతి నిమిషం ముగిశాక మడమ వెనక్కి వెళ్తోందా అని ఒకసారి చూసుకోమన్నాం. వారంలో బిగుతు పోయింది. ఇదే కారణంతో తుంటి ముందు కండరం గాయమైనవాళ్లకు, తుంటి కీలు అంచున ఉండే మెత్తటి ఎముక పట్టీ లేబ్రమ్ చిరిగినవాళ్లకు పూల్ రన్నింగ్ మంచిది కాదు, ఆ గాయాన్ని అది ఇంకా రేపుతుంది.

సైకిల్

నడకలో నొప్పి పూర్తిగా పోయిన మూడో వారం చివర ఇంట్లో కదలని సైకిల్ మీద మొదలుపెట్టించాం. రోడ్డు మీద సైకిల్ అప్పుడే వద్దన్నాం. తొక్కడం వల్ల కాదు, ఆగినప్పుడు హఠాత్తుగా గాయం కాలు నేలకు ఆనిస్తే ఆ ఒక్క తాకిడే చాలు.

సీటు ఎత్తుకు ఒక మోటు లెక్క ఉంది. మడమను పెడల్ మీద పెట్టి, పెడల్ అడుగున ఉన్నప్పుడు మోకాలు సరిగ్గా నిటారుగా రావాలి. ఆపైన పాదం ముందు భాగంతో తొక్కితే మోకాలు 25 నుంచి 35 డిగ్రీలు వంగి ఉంటుంది. సీటు తక్కువైతే మోకాలి చిప్ప ముందు నొప్పి, ఎక్కువైతే మోకాలి వెనుక లాగుడు, పిరుదులు పక్కలకు ఊగడం. రన్నర్లు సీటు తక్కువ పెట్టుకోవడం ఎక్కువగా చూస్తాం, కాళ్లు నేలకు అందాలన్న అలవాటు.

ఈ గాయానికి ఇంకో రెండు జాగ్రత్తలు. పట్టీలున్న పెడల్‌తో పాదాన్ని పైకి లాగకూడదు, టిబియా చుట్టూ ఉన్న కండరాలు అక్కడే లాగుతాయి. మామూలు బూటు, మామూలు పెడల్ చాలు. లేచి నిలబడి తొక్కడం ఆరో వారం దాకా వద్దు, నిలబడ్డాక బరువు పిక్క మీదకి వెళ్తుంది. లయ నిమిషానికి 85 నుంచి 95, భారం ఎక్కువ పెట్టి నెమ్మదిగా తొక్కితే పిక్క గట్టిగా నెట్టాల్సి వస్తుంది.

సైకిల్ మీద కూడా హార్ట్ రేట్ పరుగు కంటే సుమారు 5 నుంచి 10 తక్కువే ఉంటుంది. అలవాటు లేని రన్నర్లలో గుండె అలసేలోపు తొడ ముందు కండరాలు మండిపోవడమే ఇక్కడ పరిమితి. అందుకే మొదటి వారం 5 సార్లు 3 నిమిషాలు, మార్కు 7తోనే ఆపాం. తర్వాత 4 సార్లు 6 నిమిషాలు, మధ్యలో 2 నిమిషాలు. ఇంట్లో కూర్చుని తొక్కేటప్పుడు ఎదురుగాలి ఉండదు కాబట్టి ఫ్యాన్ పెట్టుకోవాలి, లేకపోతే వేడి వల్ల హార్ట్ రేట్ పైకి పాకి సెషన్ తప్పుదారి పడుతుంది.

నాలుగో వారం నుంచి వారం ఇలా నిలబడింది: సోమవారం పూల్ ఇంటర్వెల్స్ 50 నిమిషాలు, మంగళవారం తేలిక సైకిల్ 50, బుధవారం ఆరామం, గురువారం పూల్ టెంపో 50, శుక్రవారం తేలిక పూల్ 35, శనివారం సైకిల్ ఇంటర్వెల్స్ 55, ఆదివారం తేలిక సైకిల్ 90. మొత్తం ఐదున్నర గంటలు, గాయానికి ముందు పరుగెత్తిన గంటలతో సమానం. కిలోమీటర్లకు బదులు నిమిషాలు మార్చాం. గట్టి రోజులు రెండు నుంచి మూడుకు పెరిగాయి. తాకిడి లేదు కాబట్టి కాళ్లు కోలుకునే వేగం అందుకు చాలు.

సైకిల్ మీద ఒకే హార్ట్ రేట్ 140తో 30 నిమిషాలు తొక్కి, వచ్చే సగటు వాట్లు రాసుకున్నాం. మూడో వారం చివర 128, ఏడో వారం 139. ఇది చూసి ఫిట్‌నెస్ పెరిగిందనుకోవడం సరికాదు. తొక్కడం అలవాటవడమే అందులో ఎక్కువ భాగం. పరుగులో ఎంత మిగిలిందన్నది పరుగు మొదలైతేనే తెలుస్తుంది.

తిండి, నొప్పి, పిక్క బలం

పరుగు లేదు కదా, తిండి తగ్గించుకుందాం అన్న ఆలోచన ఈ దశలో ఎక్కువ. ఐదున్నర గంటల గట్టి శిక్షణ జరుగుతూనే ఉంది, ఎముక కట్టుకుంటోంది, నీరు శరీరం నుంచి వేడి లాగేస్తోంది. నెలసరి ఆగిందంటే శరీరానికి శక్తి చాలడం లేదనడానికి బలమైన సూచన, ఈస్ట్రోజెన్ తగ్గితే ఎముక మానడం వెనకబడుతుంది. ఆమెను డాక్టర్‌కూ డైటీషియన్‌కూ పంపాం. విటమిన్ డి పరీక్ష చేయించారు. నెలసరి తిరిగొచ్చేదాకా పూల్ గట్టి సెషన్లను నాలుగో వారం స్థాయిని మించి పెంచకూడదన్న నియమం పెట్టుకున్నాం, నెలసరి ఐదో వారంలో వచ్చింది.

నొప్పి విషయంలో ఎముక గాయానికి లెక్క కఠినం. టెండన్ గాయంలో 10కి 3 దాకా నొప్పిని భరించవచ్చు అంటాం. ఎముకకు అలా కుదరదు. సెషన్‌లో, ఆ సాయంత్రం, మర్నాడు పొద్దున మూడు సార్లూ సున్నా ఉండాలి. నీటిలోనూ సైకిల్ మీదా ఆమెకు ఏనాడూ నొప్పి రాలేదు. ఎముక మీద నొక్కి చూడటం మాత్రం వారానికి ఒకసారే. రోజూ నొక్కితే ఆ నొక్కుడుకే అక్కడ నొప్పి ఉంటుంది, మానిందో లేదో అర్థం కాదు. నొక్కితే నొప్పి ఉండే పొడవు 3 సెంటీమీటర్ల నుంచి మూడో వారానికి 2, ఐదో వారానికి 1, ఏడో వారానికి లేదు.

నాలుగో వారం నుంచి కూర్చుని మడమలెత్తడం, ఐదో వారంలో రెండు కాళ్లమీద నిలబడి, ఆరో వారంలో ఒంటి కాలితో. మెట్టు అంచున నిలబడి నెమ్మదిగా 3 సెకన్లలో దిగాలి. కుడి కాలితో 14 దగ్గర ఆగింది, ఎడమతో 24. నీరూ సైకిలూ ఆరు వారాల్లో నిలబెట్టలేకపోయింది ఇదే, కళ్లముందు అంకెల్లో కనిపించింది.

పరుగుకు తిరిగి

గేటు దాటాలంటే ఐదు షరతులు: వారం రోజులుగా రోజువారీ నడకలో నొప్పి లేకపోవడం, 30 నిమిషాల వడి నడక తర్వాత మర్నాడు కూడా సున్నా, నొక్కితే నొప్పి లేకపోవడం, ఒంటి కాలి మడమ ఎత్తులు కనీసం 20, ఆఖరున ఒంటి కాలితో 10 గెంతులు నొప్పి లేకుండా. గెంతు పరీక్షను ముందే చేయించడం ప్రమాదం, మిగతావన్నీ కుదిరాకే. ఆమె ఏడో వారం చివర దాటారు. గెంతుకు ముందు వారంలో నడుము దాకా నీటిలో నడక, జాగ్ చేయించాం. నడుము లోతులో సగం బరువే కాలి మీద పడుతుంది, ఛాతీ దాకా ఉంటే మూడో వంతు దగ్గర. నేలకు వెళ్లే ముందు ఇది మంచి మధ్యమెట్టు.

ఎనిమిదో వారంలో చదునైన నేల మీద 1 నిమిషం పరుగు, 2 నిమిషాల నడక, 8 సార్లు. రోజు విడిచి రోజు, వరుసగా రెండు రోజులు ఎప్పుడూ వద్దు. తొమ్మిదిలో 2 నిమిషాల పరుగు, 1 నడక, 8 సార్లు. పదిలో 5 పరుగు, 1 నడక, 4 సార్లు. పదకొండులో 10 పరుగు, 1 నడక, 2 సార్లు. పన్నెండులో 30 నిమిషాలు ఆగకుండా. ఒక్కో మెట్టును కనీసం రెండుసార్లు నొప్పి లేకుండా ముగిస్తేనే పైకి.

నీటిలో నిలబెట్టిన ఫిట్‌నెస్ ఇప్పుడు శత్రువు అవుతుంది. ఒక నిమిషం పరుగులో కష్టం మార్కు 3. గుండె ఏమీ ఫిర్యాదు చేయదు, కాళ్లు వాటంతట అవే పాత పేస్‌కు వెళ్లిపోతాయి. ఆమెకు కిలోమీటరుకు 6 నిమిషాల 30 సెకన్ల కంటే వేగంగా వెళ్లకూడదన్న పరిమితి ఉంది. తొమ్మిదో వారంలో మూడో సెషన్‌లో వాచ్ రికార్డు చూస్తే సగం రిపీట్లు 5 నిమిషాల 40 సెకన్లలో ఉన్నాయి. ఆ సాయంత్రం పాత చోటే చిన్న సలుపు, మర్నాటికి 10కి 1. ఐదు రోజులు పరుగు ఆపి, ఒక మెట్టు వెనక్కి దించాం. సలుపు రెండు రోజుల్లో పోయింది. ఆ ఐదు రోజులూ కొలనూ సైకిలూ ఆగలేదు కాబట్టి ఫిట్‌నెస్ పరంగా నష్టం లేదు. కానీ ప్లాన్ ఒక వారం జరిగింది, ఆగకుండా 30 నిమిషాలు పదమూడో వారానికి వెళ్లింది.

అప్పటినుంచి వేగమంతా నీటిలోనూ సైకిల్ మీదే ఉంచాం, నేల మీద తేలిక పరుగు మాత్రమే. 20 నిమిషాల పరుగు కలిస్తే 20 నిమిషాల సైకిల్ తీసేశాం, మొత్తం గంటలు పెరగలేదు. గట్టి పూల్ ఇంటర్వెల్ సెషన్ ఒక్కటి చివరిదాకా మిగిలింది, అది పదహారో వారంలో తీశాం. నేల మీద ఇంటర్వెల్స్ కూడా ఆ వారమే మొదలయ్యాయి. ముందు దూరం పెంచాలి, తర్వాతే వేగం. ఎత్తు ఎక్కే దారి ఆ తర్వాత.

పద్నాలుగో వారంలో హార్ట్ రేట్ 142 దగ్గర 20 నిమిషాల తేలిక పరుగులో పేస్ కిలోమీటరుకు 6 నిమిషాల 20 సెకన్లు. గాయానికి ముందు అదే హార్ట్ రేట్‌కు 6 నిమిషాల 5 సెకన్లు. 15 సెకన్ల తేడా ఉంది. నీటిలో గుండె పని జరిగినా, పరుగులోని పొదుపు, అంటే అదే వేగానికి కాలు ఖర్చుపెట్టే శక్తి, నేల మీదే తిరిగొస్తుంది. ఇరవయ్యో వారానికి తేడా 4 సెకన్లకు తగ్గింది. కుడి ఒంటి కాలి మడమ ఎత్తులు అప్పటికి 24, ఎడమకు సమానం.

ఈ ప్లాన్ ఎవరికి సరిపోదు

తొడ ఎముక మెడ భాగంలో, పాదంలో నావిక్యులర్ ఎముకలో, టిబియా ముందు అంచున ఒత్తిడి గాయం ఉంటే డాక్టర్ పర్యవేక్షణ లేకుండా కొలనులోకి కూడా పంపకూడదు. తొడ ఎముక మెడకు కండరాల లాగుడే ఒక భారం. కుట్లు మానని గాయం, చర్మం తెగి ఉన్నప్పుడు కొలను మూసేసిన తలుపే. పిరుదు కింద, తొడ వెనుక కండరమైన హ్యామ్‌స్ట్రింగ్ మొదలయ్యే చోట నొప్పి ఉన్నవాళ్లకు సీటు అక్కడే ఒత్తుతుంది, నీటిలో కాలు వెనక్కి తోసే కదలిక అక్కడే లాగుతుంది, రెండిట్లో ఏది తక్కువ బాధిస్తుందో పది పది నిమిషాలు వేర్వేరు రోజుల్లో చేసి చూడాలి. మోకాలి చిప్ప నొప్పి ఉన్నవాళ్లకు కొలను ముందు, సైకిల్ సీటు ఒక సెంటీమీటరు పైకి ఎత్తి తేలిక భారంతో తర్వాత.